తిరోగమన నిరోధం: భద్రతా నవీకరణ తరువాత పాత ఫర్మ్‌వేర్‌ను పరికరం ఎందుకు నిరాకరిస్తుంది?

2022 ఆగస్టులో ఆండ్రాయిడ్ 13 విడుదలైనప్పుడు గూగుల్ సంస్థ పిక్సెల్ 6, పిక్సెల్ 6 ప్రో, పిక్సెల్ 6ఎ ఫోన్ల విషయంలో ఒక ప్రత్యేక హెచ్చరికను జతచేసింది. ఈ మూడు ఫోన్లలో కొత్త వ్యవస్థను ఒకసారి స్థాపించి నడిపిన తరువాత, అంతకుముందు విడుదలైన ఆండ్రాయిడ్ 12 ప్రతులకు తిరిగి వెళ్లడం సాధ్యం కాదన్నది దాని సారాంశం. ఆ పాత ప్రతులు నకిలీవి కావు. అదే సంస్థ తయారుచేసి, తన డిజిటల్ సంతకంతో విడుదల చేసినవి. నిన్నటిదాకా అదే ఫోన్‌లో నడిచినవి. సంతకం చెక్కుచెదరకుండా ఉన్నా ఫోన్ వాటిని తోసిపుచ్చుతుంది. ఈ నిరాకరణకు కారణమైన ఏర్పాటును ఆంగ్లంలో ‘రోల్‌బ్యాక్ ప్రొటెక్షన్’ అంటారు. ఈ వ్యాసంలో దానికి ‘తిరోగమన నిరోధం’ అనే మాట వాడబడింది. తెలుగు విమర్శలో ‘తిరోగమనం’ నిందార్థంలో స్థిరపడినప్పటికీ, ఇక్కడ అది దిశను మాత్రమే సూచిస్తుంది. పాత వెర్షన్ మంచిదా చెడ్డదా అన్న విచారణ పరికరం చేయదు. అది రెండు సంఖ్యలను పోల్చుతుంది, అంతే.

సంతకం చెప్పేది, చెప్పనిది

ఫోన్‌ను ఆన్ చేయగానే మొదట నడిచేది చిప్‌లోనే శాశ్వతంగా ముద్రితమైన చిన్న ప్రోగ్రాము. అది బూట్‌లోడర్ సంతకాన్ని పరీక్షిస్తుంది. బూట్‌లోడర్ తన వంతుగా ఆండ్రాయిడ్ వ్యవస్థ సంతకాన్ని పరీక్షిస్తుంది. ఒకరి చేతి నుండి మరొకరి చేతికి దివిటీ అందినట్లు ఈ పరీక్ష సాగుతుంది. ప్రతి దశలోనూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ ప్రతి తయారీదారు నుండి వచ్చినదేనా, మధ్యలో ఎవరైనా మార్చారా?

ఈ ప్రశ్నకు సంతకం కచ్చితమైన సమాధానం ఇస్తుంది. కాని ఆ ప్రతి నేటికీ చెల్లుతుందా అనే ప్రశ్నకు సంతకం వద్ద సమాధానం లేదు. ఒక ప్రభుత్వ ఉత్తర్వు మీద అధికారి సంతకం, ముద్ర నిజమైనవే అయినా, తరువాత వచ్చిన మరో ఉత్తర్వు దానిని రద్దుచేసి ఉండవచ్చు. పాత కాగితాన్ని మాత్రమే చూసినవారికి రద్దు సంగతి తెలియదు. ఫోన్ మేల్కొనే తొలి క్షణాలలో పరిస్థితి సరిగ్గా ఇదే. అప్పటికి అంతర్జాలం లేదు, నమ్మదగిన గడియారమూ లేదు. తయారీదారును సంప్రదించే మార్గం లేనప్పుడు, రద్దు సమాచారం ఫోన్‌లోనే ఎక్కడో భద్రంగా ఉండాలి.

అలా లేకపోతే ఏమవుతుందో విండోస్ కంప్యూటర్ల చరిత్ర చెబుతుంది. విండోస్ బూట్ ప్రోగ్రాములలోని CVE-2022-21894 అనే లోపాన్ని మైక్రోసాఫ్ట్ 2022 జనవరిలో సరిదిద్దింది. అయినప్పటికీ లోపమున్న పాత ప్రోగ్రాముల సంతకాలు చెల్లుతూనే ఉన్నాయి. నిరాకరించవలసిన వాటి జాబితాలో వాటిని చేర్చలేదు. 2023 మార్చిలో ఈసెట్ సంస్థ పరిశోధకులు విశ్లేషించిన ‘బ్లాక్‌లోటస్’ అనే హానికర ప్రోగ్రాము ఈ సందునే వాడుకొన్నది. అది లోపమున్న పాత ప్రోగ్రామును తన వెంట తెచ్చుకొని కంప్యూటర్‌లో పెట్టేది. దాని మీద మైక్రోసాఫ్ట్ సంతకమే ఉన్నందున కంప్యూటర్ అభ్యంతరం చెప్పేది కాదు. అంటే పూర్తిగా నవీకరించిన యంత్రం కూడా మూసివేసిన తలుపు గుండానే ఆక్రమణకు గురైంది. నవీకరణ కొత్త ప్రతిని ఇచ్చింది గాని పాత ప్రతిని చెల్లకుండా చేయలేదు. ఈ రెండు పనుల మధ్య తేడా వద్దనే తిరోగమన నిరోధం అవసరమవుతుంది.

సంతకానికి వాడిన తాళంచెవినే రద్దుచేయవచ్చు కదా అనిపించవచ్చు. కాని మంచి ప్రతులకూ లోపమున్న ప్రతులకూ తరచుగా అదే తాళంచెవి వాడతారు. దానిని రద్దుచేస్తే రెండూ కలిసి పోతాయి. ఒకే తాళంచెవితో సంతకం చేసిన ప్రతులలో పాతవాటిని మాత్రమే వేరుచేయాలంటే వాటికి వరుస సంఖ్య కావాలి.

రెండు సంఖ్యల పోలిక

ఆండ్రాయిడ్‌లో ఈ వ్యవస్థకు ‘ఆండ్రాయిడ్ వెరిఫైడ్ బూట్’ అని పేరు. ప్రతి వ్యవస్థా ప్రతితో పాటు `vbmeta` అనే చిన్న భాగం ఉంటుంది. మిగతా భాగాలను సరిచూసేందుకు కావలసిన వివరాలతో పాటు అందులో ‘రోల్‌బ్యాక్ ఇండెక్స్’ అనే సంఖ్య ఉంటుంది. ఈ సంఖ్య కూడా సంతకం పరిధిలోనిదే. కనుక పాత ప్రతిలోని సంఖ్యను దిద్ది పెద్దదిగా చూపితే సంతకం చెడిపోతుంది.

రెండవ సంఖ్య ఫోన్‌లో భద్రపరచి ఉంటుంది. బూట్‌లోడర్ పాటించే నియమం సరళమైనది. ప్రతిలోని సంఖ్య భద్రపరచిన సంఖ్యకు సమానంగా గాని, అంతకంటె ఎక్కువగా గాని ఉంటే దానిని నడపవచ్చు. తక్కువైతే నడపరాదు.

తయారీదారు ప్రత్యేకంగా వేరొక సంఖ్యను ఇవ్వకపోతే, ఆండ్రాయిడ్ నిర్మాణ వ్యవస్థ భద్రతా నవీకరణ తేదీనే సెకన్ల లెక్కలోకి మార్చి ఈ స్థానంలో ఉంచుతుంది. 1970 జనవరి 1 నుండి గడచిన సెకన్ల సంఖ్య అది. ఈ పద్ధతిని అనుసరించే ఒక ఫోన్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. దానిలో 2022 జూలై 5 నాటి భద్రతా స్థాయి గల ప్రతి నడుస్తున్నది. భద్రపరచిన సంఖ్య 1656979200. ఆగస్టు 5 స్థాయి గల నవీకరణ వచ్చింది. దాని సంఖ్య 1659657600. ఇది పెద్దది కనుక బూట్‌లోడర్ అనుమతిస్తుంది. కొత్త వ్యవస్థ సక్రమంగా నడిచిందని తేలిన తరువాత భద్రపరచిన సంఖ్య 1659657600కు పెరుగుతుంది. మరునాడు యజమాని జూలై ప్రతిని తిరిగి ఎక్కించాడు. సంతకం సరిపోతుంది. కాని 1656979200 కంటె 1659657600 పెద్దది. బూట్‌లోడర్ ఆగిపోతుంది. దాని మూలపాఠంలో ఈ స్థితికి `AVB_SLOT_VERIFY_RESULT_ERROR_ROLLBACK_INDEX` అని పేరు. సంతకం సరిపోని స్థితికి వేరే పేరున్నది. నిరాకరణకు కారణం ప్రతి చెడిపోవడమా, పాతబడడమా అనేది ఈ రెండు పేర్ల భేదం వల్ల తెలుస్తుంది.

ఎక్కించడానికి ముందే ఒక ప్రతిలోని సంఖ్యను చూడదలచినవారు కంప్యూటర్‌లో ఈ ఆదేశాన్ని వాడవచ్చు.

```
avbtool info_image --image vbmeta.img
```

వచ్చే వివరాలలో `Rollback Index` అన్న పంక్తి ఉంటుంది. వెర్షన్ పేరు కంటె ఈ పంక్తినే ప్రమాణంగా తీసుకోవడం సముచితం.

భద్రపరచిన సంఖ్య ఎక్కడ ఉండాలన్నది చిన్న విషయం కాదు. మామూలు నిల్వలో ఉంచితే, ఫోన్‌ను వశపరచుకొన్నవాడు ముందు ఆ సంఖ్యను తగ్గించి, తరువాత పాత ప్రతిని ఎక్కిస్తాడు. రహస్యలిపిలో దాచినా ప్రయోజనం లేదు. నిన్నటి నిల్వ భాగాన్ని యథాతథంగా నకలు తీసి ఉంచుకొని, ఈరోజు దాని స్థానంలో పెడితే సరిపోతుంది. అందుకే రెండు రకాల స్థానాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి చిప్‌లోని ఫ్యూజులు. ఒక్కొక్క ఫ్యూజు ఒకసారి కాలితే మళ్లీ పూర్వస్థితికి రాదు. కాలిన ఫ్యూజుల లెక్కే వెర్షన్ లెక్క. వాటి సంఖ్య పరిమితం కనుక నెలనెలా కాల్చరు. తీవ్రమైన లోపం బయటపడినప్పుడే కాలుస్తారు. రెండవది ‘రీప్లే ప్రొటెక్టెడ్ మెమరీ బ్లాక్’ అనే నిల్వ భాగం. దానిలోకి రాసే ప్రతి రాతకూ రహస్య తాళంచెవితో చేసిన ముద్ర, రాతల వరుస సంఖ్య జతపడాలి. పాత రాతను మళ్లీ పంపితే వరుస సంఖ్య సరిపోక అది తిరస్కృతమవుతుంది.

పిక్సెల్ 6లో చిక్కు

పై ఉదాహరణ ఆండ్రాయిడ్ వ్యవస్థ స్థాయికి సంబంధించినది. పిక్సెల్ 6 ఫోన్లలో పెరిగినది దానికి దిగువన ఉన్న బూట్‌లోడర్ సంఖ్య. పాత బూట్‌లోడర్‌లోని భద్రతా లోపాన్ని సరిదిద్దిన తరువాత, దానిని ఎవరూ తిరిగి ఎక్కించకుండా ఈ పెంపు జరిగింది. ఈ స్థాయీభేదం వల్ల ఒక ముఖ్యమైన పర్యవసానం ఉన్నది. యజమాని తన ఫోన్‌ను ‘అన్‌లాక్’ చేసుకొంటే ఆండ్రాయిడ్ స్థాయి పరీక్ష హెచ్చరికతో సరిపెట్టి ముందుకు పోనిస్తుంది. బూట్‌లోడర్ స్థాయి నిరోధానికి ఆ సడలింపు లేదు. బూట్‌లోడర్‌ను పరీక్షించేది దానికంటె ముందు నడిచే దశ. అన్‌లాక్ చేసిన సంగతి బూట్‌లోడర్ పట్టించుకొంటుంది గాని ఆ ముందు దశ పట్టించుకోదు.

అసలు చిక్కు జంట స్థానాల వద్ద వచ్చింది. ఈ ఫోన్లలో వ్యవస్థ రెండు ప్రతులుగా, రెండు ‘స్లాట్’లలో ఉంటుంది. ఒకటి నడుస్తుండగా నవీకరణ రెండవదానిలోకి చేరుతుంది. పునఃప్రారంభంలో కొత్తది నడవకపోతే ఫోన్ దానంతట అదే పాత స్లాట్‌కు మరలుతుంది. ఇది వినియోగదారును కాపాడే సదుపాయం. కొత్తది నడిచిందని నిర్ధారణ అయ్యేవరకు సంఖ్యను పెంచకపోవడానికి కారణం కూడా ఇదే. ముందే పెంచితే, కొత్తది విఫలమైనప్పుడు మరలడానికి చోటు ఉండదు.

అయితే ఆండ్రాయిడ్ 13 ఒకసారి విజయవంతంగా నడిచి బూట్‌లోడర్ సంఖ్య పెరిగిన తరువాత కూడా, రెండవ స్లాట్‌లో ఆండ్రాయిడ్ 12, దాని పాత బూట్‌లోడర్ అలాగే మిగిలి ఉంటాయి. అప్పుడు ఎవరైనా ప్రయోగాత్మకంగా నిర్మించిన ప్రతిని నడుస్తున్న స్లాట్‌లోకి ఎక్కించారనుకొందాం. అది నడవలేదు. ఫోన్ అలవాటు ప్రకారం రెండవ స్లాట్‌కు మరలుతుంది. అక్కడున్న బూట్‌లోడర్ సంఖ్య ఇప్పుడు చెల్లదు. ముందుకు పోలేక, వెనుకకు రాలేక ఫోన్ పూర్తిగా స్తంభిస్తుంది. రక్షణ కోసం కట్టిన రెండు ఏర్పాట్లు, వేర్వేరుగా సరైనవే అయినా, ఒకదానికొకటి ఎదురైన సందర్భమిది.

దీనికి గూగుల్ సూచించిన పరిహారం, మొదటిసారి విజయవంతంగా నడిచిన వెంటనే రెండవ స్లాట్‌లో కూడా కొత్త బూట్‌లోడర్‌ను ఉంచడం. ఫోన్‌ను ఫాస్ట్‌బూట్ స్థితిలో ఉంచి కంప్యూటర్ నుండి ఇవ్వవలసిన ఆదేశం ఇలా ఉంటుంది. చివరి పదం స్థానంలో ఆ ఫోన్ కోసం విడుదలైన ఫైలు పేరు రావాలి.

```
fastboot --slot=other flash bootloader bootloader.img
```

మామూలు వినియోగదారులకు తరువాతి నెల నవీకరణ రెండవ స్లాట్‌లోకి చేరగానే ఈ ప్రమాదం దానంతట అదే తొలగిపోతుంది. సొంతంగా ప్రతులు నిర్మించి ప్రయోగాలు చేసేవారికే ఇది అపాయకరం.

కొద్దికాలానికి గూగుల్ ఈ మూడు ఫోన్ల కోసం, సంఖ్య పెంచిన బూట్‌లోడర్‌ను జతచేసి, ఆండ్రాయిడ్ 12 ప్రతులను డెవలపర్లకు విడిగా విడుదల చేసింది. తమ అనువర్తనాలను పాత వ్యవస్థ మీద పరీక్షించవలసినవారికి ఉద్దేశించినవి అవి. ఆండ్రాయిడ్ 13 నడిచిన ఫోన్ వాటిని అభ్యంతరం లేకుండా స్వీకరించింది. ఫోన్ నిరాకరిస్తున్నది ఆండ్రాయిడ్ 12ను కాదని, లోపమున్న బూట్‌లోడర్‌ను మాత్రమేనని ఈ విడుదల స్పష్టం చేస్తున్నది. ‘పాత వెర్షన్’ అనే వాడుక మాట ఇక్కడ అయోమయానికి దారితీస్తుంది. ఒక విడుదలలోని భాగాలన్నీ ఒకే వయస్సువి కానక్కరలేదు.

ఈ నిరోధానికి స్పష్టమైన హద్దులున్నాయి. తయారీదారు కొత్త ప్రతిలో సంఖ్యను పెంచకపోతే, లోపం సరిదిద్దినా పాత ప్రతి చెల్లుతూనే ఉంటుంది. ఇంకా బయటపడని లోపం విషయంలో దీనికి ఏ ప్రమేయమూ లేదు. కొత్త ప్రతిలో భద్రతతో సంబంధం లేని దోషం, ఉదాహరణకు బ్యాటరీ త్వరగా తరిగిపోవడం వంటిది ఉన్నా, యజమానికి పాతదానికి మరలే దారి మూసుకుపోతుంది. మరో సవరణ వచ్చేదాకా ఆగవలసిందే. కొన్న వస్తువు మీద యజమానికి గల అధికారం ఇక్కడ నిజంగానే తగ్గుతున్నది. ఆ అభ్యంతరాన్ని సాంకేతిక అజ్ఞానంగా కొట్టిపారేయడం సరికాదు. అయితే ఫోన్ చేతిలో పట్టుకొన్న వ్యక్తి యజమానో దొంగో ఆ తొలి క్షణాలలో చిప్‌కు తెలిసే మార్గం లేదు. యజమానికి తెరిచిన దారి దొంగకూ తెరుచుకొంటుంది. మైక్రోసాఫ్ట్ బ్లాక్‌లోటస్ తరువాత 2023 మే నెలలో పాత బూట్ ప్రోగ్రాముల రద్దును మొదలుపెట్టినప్పుడు, దానిని ఒక్కసారిగా అమలుచేయక దశలవారీగా చేపట్టింది. రద్దు పూర్తయిన కంప్యూటర్‌లో అంతకుముందు తయారుచేసి దాచుకొన్న పునరుద్ధరణ డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు కూడా నడవవు. వాటిని కొత్త ప్రోగ్రాములతో మళ్లీ తయారుచేసుకొన్న తరువాతనే రద్దును అమలుచేయవలసి ఉంటుంది.