రిక్రూటర్‌కు రాసే తొలి మెసేజ్‌లో వీసా మాట ఎలా ఎత్తాలి?

జర్మనీ కంపెనీల రిక్రూటర్లకు మన దగ్గర్నుంచి వెళ్లే మెసేజ్‌లు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. ‘ఈ ఉద్యోగం మీద ఆసక్తి ఉంది, వీసా స్పాన్సర్‌షిప్ ఇస్తారా, రీలొకేషన్ ఉందా?’ అంతే. అడగడంలో తప్పేమీ లేదు. అయితే దీనికి జవాబు చెప్పాలంటే రిక్రూటర్ ముందు అభ్యర్థి చదువేంటి, అది జర్మనీలో చెల్లుతుందా, ఎప్పటికి చేరగలడు అని ఆరా తీయాలి. రోజూ పదుల సంఖ్యలో మెసేజ్‌లు చూసే మనిషికి అంత ఓపిక ఎక్కడిది? తేలిగ్గా ‘లేదు’ అని కొట్టి తర్వాతి మెసేజ్‌కు వెళ్లిపోతారు.

బ్రిటన్‌లో అయితే ఈ ప్రశ్న అడగకముందే సగం జవాబు దొరుకుతుంది. స్కిల్డ్ వర్కర్ వీసా మీద విదేశీయుణ్ని తీసుకోవాలంటే కంపెనీకి అక్కడి హోం ఆఫీస్ ఇచ్చిన స్పాన్సర్ లైసెన్స్ ఉండాలి. లైసెన్స్ ఉన్న సంస్థల జాబితాను ప్రభుత్వమే బయటపెడుతుంది. అందులో పేరు లేని కంపెనీని అడిగి ప్రయోజనం తక్కువ. జర్మనీలో అలాంటి లైసెన్స్ లేదు. ఈయూ బ్లూ కార్డ్‌కు దరఖాస్తు చేసుకునేది ఉద్యోగే. కంపెనీ చేయాల్సింది ప్రధానంగా రెండు పనులు: ఉద్యోగ ఒప్పందం ఇవ్వడం, జీతం, పని వివరాలతో ప్రభుత్వ ఫారం ఒకటి నింపి సంతకం చేయడం. చిన్న కంపెనీల హెచ్‌ఆర్‌లో ఈ సంగతి తెలియనివాళ్లూ ఉంటారు. ‘స్పాన్సర్ చేస్తారా’ అని అడగగానే అదేదో లాయర్లతో కూడిన పెద్ద తతంగం అనుకుని వెనక్కి తగ్గుతారు. కాబట్టి మీ వైపు నుంచి ఏమేం సిద్ధంగా ఉన్నాయో ముందే చెప్పడం మేలు.

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో ఆరేళ్లుగా జావా బ్యాకెండ్ పని చేస్తున్న ఒకమ్మాయి మ్యూనిక్‌లోని ఒక కంపెనీ ప్రకటన చూసింది. ఏడాదికి 55,000 యూరోలు. రిక్రూటర్‌కు రాసేముందు ఆమె చూసుకోవాల్సినవి రెండున్నాయి.

మొదటిది డిగ్రీ. విదేశీ డిగ్రీల విలువను జర్మనీ anabin.kmk.org అనే డేటాబేస్‌లో నమోదు చేస్తుంది. అందులో డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయం పక్కన H+ అని ఉండాలి, ఆమె చదివిన కోర్సు కూడా జర్మన్ డిగ్రీకి సమానమని చూపించాలి. రెండూ ఉంటే ఆ పేజీలను ప్రింట్ తీసి పెట్టుకుంటే చాలు. లేకపోతే జెడ్‌ఏబీ అనే సంస్థ నుంచి డిగ్రీ మూల్యాంకన పత్రం తెప్పించుకోవాలి. దానికి డబ్బూ ఖర్చే, వారాల తరబడి ఎదురుచూపూ తప్పదు. ఆఫర్ వచ్చాక ఈ పని మొదలుపెట్టి చేరే తేదీ జార్చుకున్నవాళ్లు ఎందరో.

రెండోది జీతం. బ్లూ కార్డ్‌కు కనీస వార్షిక జీతం 2025లో 48,300 యూరోలు. ఐటీ, ఇంజనీరింగ్ లాంటి కొరత వృత్తులకు 43,759.80 యూరోలు. ఏటా జనవరిలో ఈ అంకెలు మారతాయి కాబట్టి దరఖాస్తు చేసే సంవత్సరపు అంకెనే చూసుకోవాలి. ఈ అమ్మాయి జీతం పెద్ద గీత దాటింది, కాబట్టి జర్మనీ ఉపాధి సంస్థ ఆమోదం అక్కర్లేదు. రెండు గీతల మధ్య ఉంటే ఆ ఆమోదం కావాలి. అక్కడే ఒక చిక్కుంది. ఏజెన్సీ తన జీతపట్టీలో పెట్టుకుని మరో కంపెనీకి అద్దెకిచ్చే పద్ధతి ఉద్యోగమైతే, ఆ ఆమోదం నిరాకరించాలని చట్టం చెబుతోంది. మెసేజ్ పంపిన రిక్రూటర్ బయటి ఏజెన్సీ మనిషైతే, ‘ఒప్పందం నేరుగా కంపెనీతోనేనా?’ అన్నది స్పాన్సర్‌షిప్ కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

ఇవి తేలాక ఆమె మెసేజ్ ఇలా ఉండొచ్చు. ఇంగ్లీషులోనే పంపుతుంది, విషయం మాత్రం ఇది: ‘మీ బ్యాకెండ్ ఇంజనీర్ ఉద్యోగం గురించి రాస్తున్నాను. ఆరేళ్లుగా జావా, స్ప్రింగ్ మీద చెల్లింపుల వ్యవస్థలు కడుతున్నాను. ప్రస్తుతం హైదరాబాద్‌లో ఉన్నాను, జర్మనీలో పని చేయడానికి బ్లూ కార్డ్ కావాలి. నా విశ్వవిద్యాలయం అనబిన్‌లో H+ గా ఉంది, నా కోర్సు జర్మన్ డిగ్రీకి సమానమని చూపిస్తోంది, ప్రకటనలోని జీతం పరిమితికి పైనే ఉంది. ఆఫర్ వచ్చాక నాలుగైదు నెలల్లో చేరగలను. ఈ ఉద్యోగానికి ఈయూ బయటి అభ్యర్థులను చూస్తున్నారా?’

ప్రశ్న ఒక్కటే, ఔననో కాదనో చెప్పేయొచ్చు. చేరే గడువు ఎందుకు చెప్పిందంటే, రిక్రూటర్‌కు వీసా కన్నా పెద్ద బెంగ అదే. మన ఐటీ కంపెనీల్లో తొంభై రోజుల నోటీసు మామూలే. వీసా చేతికి రాకుండా రాజీనామా చేయకూడదు కాబట్టి రెండు గడువులూ కలుస్తాయి. నెలలో వచ్చేస్తానని రాసి ఆ తర్వాత తేదీలు జరుపుతూ పోతే, వీసా వల్ల పోని ఉద్యోగం మాట తప్పడం వల్ల పోతుంది. కంపెనీ తొందరపడితే మరో దారి ఉంది. జర్మనీలోని విదేశీయుల కార్యాలయంలో కంపెనీయే 411 యూరోలు కట్టి వేగవంతమైన ప్రక్రియ మొదలుపెట్టవచ్చు. ముందస్తు ఆమోదం వచ్చాక వీసా అపాయింట్‌మెంట్ త్వరగా దొరుకుతుంది. ఈ మాట తొలి మెసేజ్‌లో అక్కర్లేదు, గడువు గురించి వాళ్లు ఎత్తినప్పుడు చెబితే సరిపోతుంది.

ఒక్కోసారి ఆన్‌లైన్ ఫారంలో ‘జర్మనీలో పని చేసే అనుమతి ఉందా?’ అని ఔను-కాదు గడి ఉంటుంది. ఎలాగూ వస్తుంది కదా అని ఔను మీద టిక్ పెట్టేవాళ్లున్నారు. ఒప్పందం దగ్గరకొచ్చాక అది అబద్ధంగానే కనిపిస్తుంది. కాదు అనే పెట్టి, పైన చెప్పిన వాక్యాలు రిక్రూటర్‌కు విడిగా రాయాలి.

రీలొకేషన్ సంగతి వేరు. నా మటుకు తొలి మెసేజ్‌లో దాన్ని అడగవద్దంటాను. ప్రకటనలోనే ఉంటే అడగనక్కర్లేదు, లేకపోతే ఇంకా మీ పని చూడని మనిషితో ఖర్చుల బేరం మొదలైనట్టు ఉంటుంది. రిక్రూటర్‌తో మొదటి ఫోన్ కాల్‌లో, జీతం మాట వచ్చినప్పుడు అడగాలి. అప్పుడు ‘రీలొకేషన్ ఇస్తారా’ అనకుండా ‘మొదటి రెండు నెలలు ఉండటానికి ఫర్నిష్డ్ ఫ్లాట్ చూపిస్తారా?’ అనడం మంచిది. విమానం టికెట్, 75 యూరోల వీసా ఫీజు సొంతంగా పెట్టుకోగలం. ఇల్లే కష్టం. మ్యూనిక్‌లో ఇంటి ఓనర్లు జీతం రశీదులు, షూఫా అనే అప్పుల చరిత్ర అడుగుతారు. కొత్తగా దిగినవాళ్ల దగ్గర రెండూ ఉండవు. పైగా మూడు నెలల అద్దె దాకా డిపాజిట్ అడగవచ్చు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలి, దానికి ఇల్లు ఇచ్చినవాళ్ల ధ్రువపత్రం కావాలి. కొన్ని తాత్కాలిక వసతులు ఆ పత్రం ఇవ్వవు. అందుకే కంపెనీ చూపించే ఫ్లాట్‌లో ‘చిరునామా నమోదుకు వీలుంటుందా?’ అని కూడా అడిగి తెలుసుకోవాలి.

డబ్బు రూపంలో ఇస్తామంటే, ముందే ఇస్తారా, బిల్లులు చూపాక ఇస్తారా అన్నది తేల్చుకోవాలి. ఒప్పందంలో ఒక నిబంధన కూడా వెతకాలి: ఏడాదిలోపో రెండేళ్లలోపో మానేస్తే రీలొకేషన్ సొమ్ము తిరిగి కట్టాలని చాలా కంపెనీలు రాసుకుంటాయి. నెలలు గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతుందా, కంపెనీయే తీసేస్తే కట్టాలా అన్నవి సంతకానికి ముందే మెయిల్‌లో రాయించుకోవాలి.