పోగు సన్నదనం, గుడ్డ గట్టిదనం

ఆగస్టులో అమెరికాలో బడిసంచి కొనబోతే చాలావాటి మీద ‘600డి’ అని రాసి ఉంటుంది. అదే దుకాణంలో రెండు వరుసల అవతల, సంచికన్నా నాలుగైదు రెట్లు ఖరీదైన గుడారం మీద ‘40డి రిప్‌స్టాప్’ అనో ‘20డి’ అనో కనిపిస్తుంది. పెద్ద అంకె ఉన్నది చవక, చిన్న అంకె ఉన్నది ప్రియం. కొండ మీద రాత్రంతా గాలివానకు తట్టుకోవలసినది మాత్రం ఆ చిన్న అంకె గుడ్డే. ఈ ‘డి’ అక్షరం డెనియర్‌కు గుర్తు. అది బలాన్ని కొలిచే అంకె అనుకుంటేనే ఇందులో వైరుధ్యం కనిపిస్తుంది. నిజానికి అది బరువును కొలుస్తుంది. ఆ బరువు నుంచి బలాన్ని ఎంతవరకు ఊహించవచ్చు, ఎక్కడ ఊహించకూడదు అన్నదే ఈ వ్యాసవిషయం.

తొమ్మిదివేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్ల పోగు. ఈ వింత కొలత పట్టు వర్తకం నుంచి వచ్చింది. డెనియర్ ఒక పాత ఫ్రెంచి నాణెం పేరు. లాటిను ‘దెనారియుస్’ దానికి మూలం. మన పాత కావ్యాలలో కనిపించే దీనారం కూడా ఆ మాటకు బంధువే. పట్టుపురుగు వదిలే ఒంటిపోగు ఇంచుమించు ఒక డెనియర్ ఉంటుంది కనుక, పట్టు వ్యాపారులకు ఇది చేతికి అందివచ్చిన కొలత.

చేనేత ఎరిగిన ఇళ్ళలో పుట్టినవారికి ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. మన నూలు లెక్క కౌంటుతో నడుస్తుంది. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అది అన్నవ నంబరు నూలు. అందులో అంకె పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. డెనియర్‌లో అంకె పెరిగేకొద్దీ పోగు లావవుతుంది. 5315ను కౌంటుతో భాగిస్తే డెనియర్ వస్తుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరుకు పేరు తెచ్చిన నూరో నంబరు నూలు ఈ లెక్కన 53 డెనియర్లు. అంటే చేతితో వడికిన ఆ నూలు, నేటి గుడారాలలో వాడే పోగులకు బరువులో దగ్గరి చుట్టం.

బరువు దగ్గరైనా బలం వేరు. ఒక డెనియర్‌కు ఎన్ని గ్రాముల లాగుడుకు పోగు తెగుతుందన్నది దాని పదార్థాన్ని బట్టి ఉంటుంది. మంచి నైలాన్ పోగు డెనియర్‌కు సుమారు ఆరు గ్రాములు ఓర్చుకుంటుంది. అదే బరువున్న నూలు దారం ఇందులో దాదాపు మూడో వంతుకే తెగిపోతుంది. వాలెస్ కారొథర్స్ బృందం డెలవేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో, డూపాంట్ ప్రయోగశాలలో 1935 ఫిబ్రవరిలో ఈ నైలాన్‌ను తయారుచేసింది. 1940 మేలో అది మేజోళ్ళ రూపంలో దేశమంతటా అమ్మకానికి వచ్చింది. పట్టు మేజోళ్ళను డెనియర్లలోనే చెప్పేవారు కనుక, ఆ స్థానంలోకి వచ్చిన నైలాన్‌కూ ఆ కొలతే అంటుకుంది. తరువాత యుద్ధం వచ్చి జపాను పట్టు అందకుండా పోవడంతో పారాచూట్‌లకు నైలానే దిక్కయింది. పారాచూట్ గుడ్డ తేలికగా ఉండాలి. ఒకచోట చిరిగినా ఆ చిరుగు పాకకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి విరోధులు. ఎందుకో తెలియడానికి కొద్దిపాటి లెక్క చాలు.

ఒక గుడారపు పైకప్పు గుడ్డ మీద ‘40డి, 230టి’ అని ఉందనుకుందాం. ‘టి’ అంటే ఒక అంగుళంలో పడుగు పోగులూ పేక పోగులూ కలిపిన సంఖ్య. రెండువైపులా సమానంగా పంచితే సెంటీమీటరుకు ఇటు 45, అటు 45. అంటే ఒక చదరపు మీటరులో నాలుగున్నర వేల పడుగు పోగులు, అన్నే పేక పోగులు, ఒక్కొక్కటి మీటరు పొడవున ఉంటాయి. మొత్తం తొమ్మిదివేల మీటర్లు. డెనియర్ నిర్వచనం ప్రకారం దాని బరువు సరిగ్గా 40 గ్రాములు. పోగులు ఒకదాని మీదుగా ఒకటి వంగి నడుస్తాయి కనుక కొంచెం, పూత వల్ల మరికొంచెం పెరుగుతుంది.

దీని పక్కన సామాను సంచులకు వాడే వెయ్యి డెనియర్ల గుడ్డను పెడదాం. పోగు లావు కాబట్టి సెంటీమీటరుకు సుమారు 14 మాత్రమే పడతాయి. చదరపు మీటరుకు 2800 మీటర్ల పోగు, 311 గ్రాముల బరువు. గుడారపు గుడ్డకన్నా దాదాపు ఎనిమిది రెట్లు. రెండిటినీ ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీలుగా కోసి లాగితే ఏమవుతుంది? మొదటిదానిలో 45 పోగులు, ఒక్కొక్కటి 240 గ్రాములు మోస్తుంది కనుక మొత్తం పదకొండు కిలోలకు కాస్త తక్కువ. రెండోదానిలో 14 పోగులు, ఒక్కొక్కటి ఆరు కిలోలు కనుక 84 కిలోలు. ఇదీ సుమారు ఎనిమిది రెట్లే. నేరుగా లాగినప్పుడు గుడ్డ బలం దాని బరువును అనుసరిస్తుంది. పోగు సన్నదైనా, ఎక్కువ పోగులు పేర్చి లోటు పూడ్చుకోవచ్చు.

చిరుగు విషయంలో ఈ సర్దుబాటు పనిచేయదు. ముల్లు గుచ్చుకొని గుడ్డ ఒకచోట తెగిందనుకోండి. ఇక లాగుడు వెడల్పంతా పంచుకోబడదు. చిరుగు కొస దగ్గరున్న ఒకటి రెండు పోగుల మీదనే భారమంతా పడుతుంది. అవి తెగితే తరువాతి రెండు, ఆపైన మరో రెండు. గుడ్డలో వేల పోగులున్నా వరుసలో వెనుక నిలబడ్డవి ముందున్నవాటికి సాయం రావు. అందుకే చిరుగును ఆపే శక్తి ప్రధానంగా ఒంటిపోగు బలం మీద ఆధారపడుతుంది. ఆ బలంలో మన రెండు గుడ్డల మధ్య తేడా ఎనిమిది రెట్లు కాదు, ఇరవై అయిదు రెట్లు. సన్నపోగు గుడ్డ అసలు బలహీనత ఇక్కడుంది.

రిప్‌స్టాప్ నేత ఈ ఒక్క బలహీనతకు చేసిన చికిత్స. గుడ్డంతా సన్నపోగుతోనే నేస్తూ, నిర్ణీత దూరంలో, పడుగులోనూ పేకలోనూ, రెండు మూడు పోగులను జంటగా ఒకే పోగులా నేస్తారు, లేదా ఒక లావు పోగు వేస్తారు. అందువల్లనే గుడ్డ మీద చిన్న చిన్న గళ్ళు కనిపిస్తాయి. మన 40 డెనియర్ గుడ్డలో ప్రతి అయిదు మిల్లీమీటర్లకు ఒకచోట మూడు పోగులు కలిపి నేశామనుకుందాం. అయిదు మిల్లీమీటర్లకు ఇరవై రెండు పోగుల చిల్లర ఉంటే అదనంగా చేరినవి రెండు. బరువు నూటికి తొమ్మిది వంతులు పెరిగింది. చిరుగు కొస దగ్గర రెండేసి పోగులు భారం మోస్తాయనుకుంటే గడి మధ్యలో ఎదురయ్యే నిరోధం 480 గ్రాములు. గీత దగ్గరకు రాగానే మూడు పోగుల జట్టు, దాని పక్క పోగు కలిసి 960 గ్రాములు. నిరోధం రెట్టింపయింది. ఈ రెట్టింపును రిప్‌స్టాప్ లేకుండా సాధించాలంటే పోగులన్నిటినీ 80 డెనియర్లకు పెంచాలి. అప్పుడు గుడ్డ బరువూ రెట్టింపవుతుంది. అమెరికా సైన్యం పారాచూట్‌లకు స్థిరపరచుకున్న గుడ్డ 30 డెనియర్ల రిప్‌స్టాప్ నైలాన్, చదరపు గజానికి 1.1 ఔన్సులు. నేటి తేలికపాటి గుడారాలకు తాత ఆ గుడ్డే.

ఈ లెక్కలో ఒక లొసుగు ఉంది. రెండేసి పోగులే భారం మోస్తాయని మనం ఊహించుకున్నాం. నిజంగా ఎన్ని మోస్తాయన్నది పోగులకు జరగగలిగే స్వేచ్ఛ ఎంతుందో దాన్నిబట్టి ఉంటుంది. పోగులు కొద్దిగా జారగలిగితే చిరుగు కొస దగ్గర అవి ఒకచోటికి చేరి గుంపుగా ఎదురునిలుస్తాయి. నీళ్ళు కారకుండా వేసే పాలియురెథేన్ పూత పోగులను ఉన్నచోటే అతికించేస్తుంది. అప్పుడు అవి ఒంటరిగా, ఒకటొకటిగా తెగుతాయి. సిలికోన్ పూత జారుడుగా ఉంటుంది కనుక ఈ నష్టం దానిలో రాదు. డెనియర్, నేత, బరువు అన్నీ ఒకటే అయిన రెండు గుడ్డలలో ఒకటి చేతితో సులువుగా చిరిగి, మరొకటి మొరాయించడానికి కారణం తరచు ఇదే. సిలికోన్ పూసిన గుడ్డకు కుట్ల మీద పట్టీ అతకదు, జిగురు విడిగా పూసుకోవాలి. చవక గుడారాలలో పాలియురెథేన్ ఎక్కువగా కనిపించడానికి అదొక కారణం.

మరి సంచులకు 600, 1000 డెనియర్లు ఎందుకు? సంచికి మొదటి శత్రువు రాపిడి. విమానాశ్రయపు బెల్టు, బస్సు నేల, బడి అరుగు సంచి అడుగును రోజూ అరగదీస్తాయి. రాపిడి పోగులను పైనుంచి పొరలు పొరలుగా తినేస్తుంది. అక్కడ కావలసింది అరగడానికి మిగిలి ఉండే మందం. ఈ పనిలో రిప్‌స్టాప్ సాయపడదు. పైగా ఉబ్బెత్తుగా ఉండే ఆ గీతలే ముందు అరుగుతాయి. మందం కూడా డెనియర్‌తో సమానంగా పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. 40 డెనియర్ల నైలాన్ పోగును ఒకే తీగగా ఊహిస్తే దాని వ్యాసం మిల్లీమీటరులో పద్నాలుగో వంతు. వెయ్యి డెనియర్లది మూడో వంతుకు కాస్త ఎక్కువ. బరువు ఇరవై అయిదు రెట్లయితే మందం అయిదు రెట్లే.

వీపుసంచి మీద తొడిగే వానతొడుగు ఈ రెండిటికీ మధ్యన ఉంటుంది. అది కొమ్మలకు చిక్కుతుంది కాబట్టి రిప్‌స్టాప్ అవసరం. సంచిని బండకు ఆనించినప్పుడల్లా రాసుకుంటుంది కాబట్టి మరీ సన్నపోగు పనికిరాదు. 20 డెనియర్లకన్నా 70 డెనియర్ల తొడుగు మేలు. అయితే వానతొడుగులు చిరిగి పాడవడంకన్నా పూత అరిగి పాడవడం ఎక్కువ. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే పూత పోయినచోట సూదిమొనలంత చుక్కలు మెరుస్తాయి. ఆ చుక్కలగుండా వచ్చే నీటిని ఏ నేతా ఆపదు.

గుడారం నైలానా, పాలియెస్టరా అన్నది కూడా అంకె చెప్పదు. నైలాన్ తడిస్తే కొంత నీరు పీల్చుకొని సాగుతుంది, బలమూ కొంత తగ్గుతుంది. సాయంత్రం బిగించిన పైకప్పు తెల్లవారేసరికి వదులై కుంగడం అందువల్లనే. పడుకునే ముందు తాళ్ళు మరోసారి బిగిస్తే సరిపోతుంది. పాలియెస్టర్ ఇలా సాగదు. కానీ అదే డెనియర్‌లో నైలాన్ అంత చిరుగును ఓర్వదు.

గుడ్డలు విడిగా అమ్మేవారు చాలామంది అడిగితే నమూనా ముక్కలు పంపుతారు. ముక్క మీద గోరు ఆనించి అడ్డంగా లాగితే నిజమైన రిప్‌స్టాప్ గీతలు చిన్న గట్లుగా తగులుతాయి. అచ్చు వేసిన గళ్ళు తగలవు. అంచున ఒక సెంటీమీటరు గాటు పెట్టి మెల్లగా చింపితే, మామూలు గుడ్డ సాఫీగా ఒకే చప్పుడుతో చిరుగుతుంది. రిప్‌స్టాప్ ప్రతి గీత దగ్గరా ఆగి, చేతిని వెనక్కి లాగి, మళ్ళీ కదులుతుంది. ఆ ఆగడం అసలు తెలియకపోతే, అట్ట మీద ఏ అంకె ఉన్నా, గాలి వీచే చోటికి ఆ గుడ్డను తీసుకువెళ్ళకపోవడమే మంచిది.