మౌనహక్కు - ద్వంద్వశిక్షా నిషేధం: పాకాల నారాయణస్వామి తీర్పు నుండి 20వ అధికరణం వరకు

1. ఉపోద్ఘాతం

భారత రాజ్యాంగం 20వ అధికరణంలోని రెండవ ఖండం ప్రకారం ఒకే నేరానికి ఒక వ్యక్తిని రెండుసార్లు విచారించి శిక్షించరాదు. మూడవ ఖండం ప్రకారం నిందితుణ్ణి తనకు వ్యతిరేకంగా తానే సాక్షిగా నిలిచేటట్లు నిర్బంధించరాదు. ఈ రెండు సూత్రాల విషయంలోనూ రాజ్యాంగ వాక్యానికి తోడుగా నేరవిచారణ స్మృతి అదనపు రక్షణ కల్పిస్తుంది. తెలుగువారికి సంబంధించిన రెండు తీర్పుల ద్వారా ఈ అంశాన్ని పరిశీలించవచ్చు.

2. ద్వంద్వశిక్షా నిషేధం

రెండవ ఖండం వర్తించాలంటే మొదటి విచారణలో శిక్ష పడి ఉండాలి. నిర్దోషిగా విడుదలైన వ్యక్తికి ఈ ఖండం రక్షణ ఇవ్వదు. అతనికి నేరవిచారణ స్మృతి 300వ సెక్షన్ (నేటి నాగరిక సురక్షా సంహిత 337వ సెక్షన్) ఆధారం. పైగా ఈ సెక్షన్ అవే వాస్తవాలపై మోపే వేరొక నేరారోపణను సైతం కొన్ని సందర్భాల్లో నిరోధిస్తుంది. కొల్లా వీరరాఘవరావు కేసులో (2011) చెక్కు చెల్లని నేరానికి శిక్ష పడిన వ్యక్తిపై అవే వాస్తవాలతో మోసం అభియోగం కొనసాగరాదని సుప్రీంకోర్టు నిర్ణయించింది. మోసానికి దురుద్దేశం నిరూపించాలి, చెక్కు నేరానికి అక్కరలేదు కనుక రెండూ భిన్నమని 2012లో మరొక ధర్మాసనం భావించింది. ఈ వైరుధ్యాన్ని 2022లో విస్తృత ధర్మాసనానికి నివేదించారు.

3. మౌనహక్కు

1937 మార్చిలో పూరీ రైల్వేస్టేషనులో ఒక ట్రంకుపెట్టెలో ముక్కలుగా నరికిన శవం దొరికింది. మృతుడు పిఠాపురం దివాను వద్ద పనిచేసిన నౌకరు. దివాను అల్లుడు పాకాల నారాయణస్వామిపై హత్యానేరం మోపారు. మృతుడు బరంపురంలోని తన ఇంటికి వచ్చి, ఒక రాత్రి ఉండి, మరునాడు సాయంత్రం రైలుకు వెళ్ళాడని అరెస్టుకు ముందే ఆయన పోలీసులకు చెప్పాడు. ఇది నేరాంగీకారం కాదు. అయినా మృతుడు ఆ ఇంటికి చేరాడనడానికి ప్రాసిక్యూషన్ దీనినే వాడుకొంది.

పోలీసులు ప్రశ్నించే "ఏ వ్యక్తి" అయినా అన్న మాటలో తర్వాత నిందితుడయ్యే వ్యక్తి కూడా చేరుతాడని 1939లో ప్రీవీ కౌన్సిల్ తీర్పునిచ్చింది. కనుక ఆ వాఙ్మూలం సాక్ష్యంగా చెల్లదు. అయితే మిగిలిన సాక్ష్యం బలంగా ఉన్నందున మరణశిక్ష నిలిచింది. ఒక మాట తొలగినంత మాత్రాన కేసు కూలిపోదని దీనివల్ల తెలుస్తుంది.

ఈ తీర్పు ఆధారంగానే నందినీ సత్పతి కేసులో (1978) సుప్రీంకోర్టు మౌనహక్కు కోర్టులో కాక పోలీసు ప్రశ్నల దశలోనే మొదలవుతుందని తేల్చింది. అయితే అన్ని ప్రశ్నలకూ మౌనం వహించే హక్కు లేదు. తనను నేరంలో ఇరికించగల జవాబును మాత్రమే నిరాకరించవచ్చు.

4. పరిమితులు

వేలిముద్రలు, చేతివ్రాత నమూనా ఇవ్వమనడం స్వీయసాక్ష్యం కాదని కథీ కాలూ ఓఘడ్ కేసు (1961) తేల్చింది. అవి పోల్చి చూడడానికి పనికివచ్చేవే గాని వ్యక్తికి తెలిసిన విషయాన్ని వెల్లడించేవి కావు. నార్కో పరీక్ష మనసులోని విషయాన్నే రాబట్టేది. అందుచేత సమ్మతి లేకుండా దానిని జరపరాదని సెల్వి కేసు (2010) నిర్దేశించింది.

5. ముగింపు

మౌనహక్కు కాపాడేది నిందితుని దేహాన్ని కాదు, అతని ఎరుకను. ద్వంద్వశిక్షా నిషేధం విషయంలోనైనా, మౌనహక్కు విషయంలోనైనా 20వ అధికరణాన్ని నేరవిచారణ స్మృతితో కలిపి చదివినప్పుడే రక్షణ హద్దులు స్పష్టమవుతాయి.