సంతకానికి ముందు అర్థం: ఆపరేషన్ అంగీకార పత్రాలను తెలుగు చేయడం

ఆపరేషన్‌కు ముందు రోగి సంతకం చేసే అంగీకార పత్రంలో ఏమేం ఉండాలో సుప్రీంకోర్టు 2008 జనవరిలో ఒక తీర్పులో స్పష్టం చేసింది. చేయబోయే చికిత్స ఏమిటి, ఎందుకు, దానివల్ల మేలేమిటి, దానికి బదులుగా వేరే మార్గాలున్నాయా, ముఖ్యమైన ముప్పులేమిటి, చికిత్స వద్దంటే ఏమవుతుంది అన్నవి రోగికి తెలియాలి. ఆ కేసులో ఒక మహిళ లోపల సమస్యేమిటో చూసే లాపరోస్కోపీ పరీక్షకు ఒప్పుకున్నారు. ఆమె మత్తులో ఉండగా తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తొలగించారు. పరీక్షకు ఇచ్చిన అంగీకారం వాటిని తీసివేయడానికి వర్తించదని కోర్టు తేల్చింది.

గర్భసంచి ఆపరేషన్ తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8 శాతం ఉన్నారు. ఫైబ్రాయిడ్ల వల్ల నెలసరిలో రక్తం ఎక్కువగా పోతున్న 42 ఏళ్ల మహిళ కోసం ఒక ఇంగ్లిష్ అంగీకార పత్రాన్ని తెలుగు చేస్తున్నారనుకుంటే, అర్థం ఎక్కడ జారిపోతుందో వరుసగా చూడవచ్చు.

మొదటి చిక్కు, ఏ తప్పూ లేనట్టు కనిపించే మాటల్లోనే ఉంటుంది. జనరల్ అనస్థీషియాను ‘సాధారణ మత్తు’ అని రాస్తే, చదివే మనిషికి అది మామూలు మత్తు, చిన్నపాటి మత్తు అనిపిస్తుంది. నిజానికి మనిషికి ఒంటిమీద స్పృహ లేకుండా చేసే పూర్తి మత్తు అది. ఆపరేషన్ లేకుండా మందులతో నెట్టుకొచ్చే కన్జర్వేటివ్ చికిత్సను ‘సాంప్రదాయిక చికిత్స’ అంటే, నాటువైద్యమో ఆకుపసరో అనుకుంటారు. డాక్టరు చెబుతున్నది మాత్రం మాత్రల గురించి. ముప్పుల జాబితాలో ‘రక్తస్రావం’ అని ఒక్క మాట వేస్తే, రక్తం పోతోందనే ఆసుపత్రికి వచ్చిన మహిళ దాన్ని తన జబ్బు పేరుగానే చదువుకుంటుంది. ‘ఆపరేషన్ జరిగేటప్పుడు రక్తం ఎక్కువగా పోయి, రక్తం ఎక్కించాల్సి రావచ్చు’ అని రాస్తేనే అది వేరే విషయమని తెలుస్తుంది.

ఫైబ్రాయిడ్‌ను ‘గడ్డ’ అనడం తప్పు కాదు. జనం వాడే మాటే అది. కానీ గడ్డ అనగానే క్యాన్సర్ భయం వెంట వస్తుంది. ఆ భయంతో చదివేవారికి ఆపరేషన్ తప్ప మరో దారి కంటికి ఆనదు. అందుకే ‘ఇది గర్భసంచి కండరంలో పెరిగే గడ్డ, క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారే అవకాశం చాలా చాలా తక్కువ’ అన్న వాక్యం ఇంగ్లిష్ పత్రంలో లేకపోయినా, డాక్టరును అడిగి తెలుగులో చేర్చాల్సి వస్తుంది.

అండాశయాల విషయంలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. గర్భసంచితో పాటు వాటినీ తీస్తారా లేదా అన్నది పత్రంలో ఒక పొడవాటి వాక్యం చివర కలిసిపోతే, రెండూ ఒకటే అన్న భావన మిగులుతుంది. గర్భసంచి మాత్రమే తీస్తే నెలసరి ఆగిపోతుంది, అండాశయాలు హార్మోన్లు తయారుచేస్తూనే ఉంటాయి. రెండు అండాశయాలూ తీసేస్తే ముట్లుడిగినప్పటి మార్పులు వెంటనే మొదలవుతాయి: ఒంట్లో సెగలు, నిద్ర పట్టకపోవడం, కాలక్రమంలో ఎముకలు బలహీనపడటం. అందువల్ల అండాశయాలకు విడిగా ఒక ప్రశ్న, ‘తీయవచ్చు’, ‘తీయవద్దు’ అని రెండు గడులు, వాటి పక్కనే ఈ తేడా ఉండాలి.

తరువాతి చిక్కు అంకెలది. ‘అరుదుగా’, ‘అప్పుడప్పుడు’ అన్న మాటలను ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు. బ్రిటన్‌లోని ప్రసూతి, స్త్రీవ్యాధి వైద్యుల రాయల్ కాలేజీ పొట్ట కోసి చేసే గర్భసంచి ఆపరేషన్‌కు ఇచ్చిన అంకెలు చూస్తే, తీవ్రమైన ఇబ్బంది ఏదో ఒకటి వచ్చేది 100 మందిలో సుమారు 4గురికి. రక్తం ఎక్కించాల్సి వచ్చేది 1000 మందిలో 23 మందికి. మూత్రాశయానికో మూత్రనాళానికో గాయమయ్యేది 1000 మందిలో 7గురికి. ఇలా ఒకచోట వంద, మరోచోట వెయ్యి అని రాస్తే పోల్చుకోవడం కష్టం. తెలుగులో అన్నిటినీ వెయ్యి మందిలోనే చెప్పాలి: తీవ్రమైన ఇబ్బంది 40 మందికి, అది రానివారు 960 మంది. గాయమైతే ఏం చేస్తారో కూడా చెప్పాలి: దాన్ని అప్పుడే కుట్టి సరిచేస్తారు, కొన్నాళ్లు మూత్రానికి గొట్టం ఉంచాల్సి రావచ్చు. ఆసుపత్రికి సొంత లెక్కలుంటే అవే మేలు.

‘ప్రత్యామ్నాయాలు’ అన్న శీర్షిక కింద మందుల పేర్లు వరుసగా రాసి వదిలేస్తే ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. ప్రతి మార్గానికీ అది ఏం చేస్తుంది, ఏం చేయలేదు అన్న రెండు ముక్కలు కావాలి. ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు నెలసరి రోజుల్లో మాత్రమే వేసుకుంటారు. రక్తం పోవడం తగ్గుతుంది, గడ్డ మాత్రం అలాగే ఉంటుంది. హార్మోన్ లూప్ గర్భసంచిలో కొన్నేళ్లు పనిచేస్తుంది. మొదటి నెలల్లో చుక్కలుగా రక్తం కనబడవచ్చు. గర్భసంచి లోపలి ఆకారాన్ని గడ్డ మార్చేసి ఉంటే ఇది కుదరకపోవచ్చు. ఊళ్లలో లూప్ అంటే కాపర్-టి గుర్తుకొస్తుంది. దానివల్ల రక్తం ఎక్కువ కావచ్చు కాబట్టి, ఇది అది కాదని రాయడం తప్పనిసరి. గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్‌లో గర్భసంచి మిగులుతుంది, కానీ గడ్డలు మళ్లీ రావచ్చు. ఏమీ చేయకుండా ఆగడమూ ఒక మార్గమే. ముట్లుడిగాక ఫైబ్రాయిడ్లు సాధారణంగా కుంచించుకుపోతాయి, అప్పటిదాకా రక్తహీనత రాకుండా చూసుకోవాలి.

అనువాదం సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి ఎక్కువగా వాడే పద్ధతి, తెలుగు పాఠాన్ని మరొకరి చేత తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి మూలంతో పోల్చడం. ఎగిరిపోయిన వాక్యాలు, మారిపోయిన అంకెలు, జారిపోయిన ‘కాదు’లు ఇందులో దొరుకుతాయి. కానీ ‘సాధారణ మత్తు’ తిరిగి జనరల్ అనస్థీషియాగానే వస్తుంది, పరీక్షలో నెగ్గుతుంది. మాటకు మాట ఎంత దగ్గరగా పెడితే ఈ పరీక్ష అంత తేలిగ్గా దాటుతుంది. అందుకే ఇది ఒక్కటే చాలదు.

అర్థమైందో లేదో తేల్చేది చదివే మనిషే. అదే వయసు, అదే చదువు ఉన్న కొందరు మహిళలకు, కోస్తా, రాయలసీమ, తెలంగాణ మూడింటి నుంచీ, పత్రం ఇచ్చో చదివి వినిపించో తిరిగి చెప్పమంటారు. ‘అర్థమైందా?’ అని అడిగితే మర్యాదకైనా ‘ఆ’ అంటారు. అడగాల్సినవి వేరు: ‘ఏయే భాగాలు తీస్తారని ఉంది?’, ‘ఆపరేషన్ వద్దనుకుంటే ఇంకేం చేయవచ్చు?’, ‘వెయ్యి మందిలో ఎంతమందికి మూత్రాశయం దగ్గర గాయం కావచ్చు?’ అని. ‘అండాశయాలు కూడా గర్భసంచిలో భాగమే కదా’ అని ఇద్దరు ముగ్గురు అంటే తప్పు వాళ్లది కాదు, వాక్యానిది. దాన్ని మార్చి, కొత్తవారికి చూపి మళ్లీ అడుగుతారు. ‘చేయబడును’, ‘తొలగించబడును’ లాంటి క్రియలు ఈ దశలోనే ‘డాక్టరు తీస్తారు’గా మారతాయి. ఎందుకంటే గట్టిగా చదివినప్పుడు ఎవరు ఏం చేస్తారో వాటిలో వినబడదు.

చివరగా, చాలా పత్రాల్లో ఉండే ‘అవసరమైన ఇతర శస్త్రచికిత్సలకూ అంగీకరిస్తున్నాను’ అన్న వాక్యాన్ని ఎంత తేలిక తెలుగులో రాసినా అది ఏ ఆపరేషనో రోగికి తెలియదు. ఇక్కడ అనువాదకుడు చేయగలిగింది, ఆ వాక్యాన్ని డాక్టరు ముందు పెట్టి, ముందే ఊహించగల ఆపరేషన్లను పేరుపేరునా రాయించడం. ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఆగకుండా చేయాల్సినవి మాత్రమే మినహాయింపు అని రాయాలి. వేలిముద్ర వేసేవారికి పత్రం చదివి వినిపించిన వ్యక్తి పేరు, భాష, సమయం కింద నమోదు కావాలి. మూలంలో వైద్యులు ఒక్క అంకె మార్చినా తెలుగు పాఠం ఆ భాగంలో మళ్లీ పరీక్షకు వెళ్లాలి.