సహోద్యోగిపై ఇష్టం: అడిగే ముందు, అడిగాక

ఒకే టీమ్‌లో రోజూ గంటల తరబడి కలిసి పనిచేసే ఇద్దరిలో ఒకరికి మరొకరిపై ఇష్టం కలగడం సహజమే. ప్రైవేటు సంస్థల్లో సహోద్యోగులు ఇష్టపడి దగ్గరవడాన్ని నిషేధించే చట్టం భారతదేశంలో లేదు. ఉన్నది పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టేందుకు 2013లో వచ్చిన చట్టం. ఆఫీసుల్లో దీన్ని పోష్ అంటారు. ఆ ప్రవర్తన అవతలి మనిషికి సమ్మతమా కాదా అన్నదే ఇందులో కీలకం. అన్న మనిషి ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ విన్న మనిషికి ఇష్టం లేని లైంగిక ధోరణి మాటలు, సైగలు, స్పర్శ ఈ చట్టం కిందికి వస్తాయి. మర్యాదగా ఒక్కసారి కాఫీకి పిలవడం సాధారణంగా వేధింపు కాదు. కాదన్నాక కూడా పిలుస్తూ పోతే కథ మారుతుంది.

అడిగే ముందు ఇద్దరి హోదాలు చూసుకోవాలి. రేటింగ్ ఇచ్చే టీమ్ లీడ్ కాఫీకి పిలిస్తే ట్రైనీ కాదనలేక తలూపవచ్చు. ఆ ‘సరే’ నిజమైన సమ్మతో, అప్రైజల్ భయమో ఆ లీడ్‌కు తెలిసే వీలు లేదు. అందుకే చాలా సంస్థల నియమావళి పైఅధికారికీ కింది ఉద్యోగికీ మధ్య సంబంధం ఉంటే హెచ్‌ఆర్‌కు ముందే చెప్పమంటుంది. చెబితే సాధారణంగా ఇద్దరిలో ఒకరి రిపోర్టింగ్ మారుస్తారు. ఆ మార్పు జరగకముందు లీడ్ అడగకపోవడమే సరైనది.

గచ్చిబౌలిలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో, ఒకే హోదాలో ఉన్న ఇద్దరు టెస్టర్లను ఊహించుకోవచ్చు. రాత్రి షిఫ్టు అయ్యాక డ్రాప్ క్యాబ్‌లో ఇద్దరే ఉన్నప్పుడు అతను అడిగితే, సమాధానం ఇష్టం లేకపోయినా ఆమెకు దిగిపోయే దారి లేదు. ఇల్లు వచ్చేదాకా ఆ ఇబ్బందిని భరించాల్సిందే. అదే మాట పగటిపూట క్యాంటీన్‌లో, లేచి వెళ్లగలిగే చోట అడిగితే ఆమె చేతిలో నిర్ణయం ఉంటుంది. “శనివారం కాఫీకి వెళ్దామా? వీలు కాదంటే ఏం పర్లేదు, మళ్లీ అడగను” అన్నంత మాట చాలు. ఆఫీసు చాట్‌లో, అర్ధరాత్రి మెసేజ్‌లో ఇలాంటివి అడగకపోవడం మేలు.

అసలు చిక్కు సమాధానాన్ని అర్థం చేసుకోవడంలో ఉంది. తెలుగువాళ్లు కాదనే మాటను ముఖం మీద అనరు. “చూద్దాంలెండి”, “ఈ వారం ఇంట్లో పనుందండీ” అంటారు. అలా అన్న మనిషి తనంతట తాను మరో రోజు చెప్పకపోతే ఆ మాటకు అర్థం ‘వద్దు’ అనే. ఆ టెస్టర్ రెండో వారం “పని అయిపోయిందా?” అని మళ్లీ అడగకూడదు. స్నేహితులతో రాయబారం పంపకూడదు. ఇష్టం లేదని స్పష్టంగా తెలిశాక కూడా పదేపదే వెంటపడటం, సంప్రదించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారే మూడేళ్ల వరకు జైలు పడవచ్చు.

కాదంటే ఏం చేయాలో అడగకముందే నిర్ణయించుకోవాలి. మర్నాడు మామూలుగా పలకరించడం, ఆమె రాసిన బగ్ రిపోర్టుకు ఎప్పటిలాగే జవాబివ్వడం, ఈ సంగతి టీమ్‌లో ఎవరికీ చెప్పకపోవడం అన్నీ అందులో భాగమే. మనసు కుదుటపడక ఆమెను మీటింగుల్లో పట్టించుకోకపోతే ఆ కోపం ఆమె పని మీద పడుతుంది. అంతకంటే వేరే మాడ్యూల్ అడిగి తనే పక్కకు జరగడం న్యాయం. కొన్నాళ్లు కలిసి తిరిగి విడిపోయినా ఇదే పద్ధతి పనికొస్తుంది.

వ్యవహారం ఫిర్యాదు దాకా వెళ్తే, పదిమంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో దాన్ని అంతర్గత కమిటీ వింటుంది. సాధారణంగా ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయాలి. ఈ చట్టం కింద ఫిర్యాదు చేయగలిగేది మహిళలే. పురుషులు సంస్థ నియమావళిని ఆశ్రయించాలి. ఆరోపణ ఎదుర్కొనే వ్యక్తి ఫిర్యాదు ప్రతి అందిన పది పనిదినాల్లోగా ఆధారాలు, సాక్షుల పేర్లతో రాతపూర్వకంగా జవాబివ్వాలి. కమిటీ ముందుకు వకీలును తీసుకెళ్లే వీలు లేదు. ఈ దశలో క్షమాపణ చెప్పడానికైనా సరే ఆమెకు నేరుగా ఫోన్ చేయకూడదు, ఎందుకంటే అది బెదిరింపుగా కనిపిస్తుంది. పాత మెసేజ్‌లు చెరిపేయడం కూడా పొరపాటే. తనకు అనుకూలమైనవి కూడా వాటితోనే పోతాయి. ఆమె కోరితే విచారణకు ముందు రాజీకి ప్రయత్నించవచ్చు, అయితే డబ్బు ప్రాతిపదికన రాజీ కుదరదు. లేదంటే 90 రోజుల్లో విచారణ ముగియాలి. ఆరోపణ రుజువు కానంత మాత్రాన అది దురుద్దేశంతో చేసిన ఫిర్యాదని చట్టం పరిగణించదు. ఇరువైపుల పేర్లూ, విచారణ వివరాలూ గోప్యంగానే ఉండాలి.