యాభై ఎనిమిది మార్కులు మంచివేనా?

పేరెంట్స్ మీటింగులో లెక్కల మాస్టారికి తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. “సార్, మావాడికి 58 వచ్చాయి. పర్లేదా?” వందకు 58 అంటే సగం దాటాయని ఆ తండ్రికీ తెలుసు. ఆయన అడుగుతున్నది అది కాదు, తోటి పిల్లల్లో మావాడు ఎక్కడున్నాడని. పేపరు కష్టంగా వచ్చిన ఏడాది 58 గొప్ప మార్కే. తేలిగ్గా వస్తే అదే 58 అడుగున పడుతుంది. ఈ ప్రశ్నకు జవాబును గ్రాఫు కాగితం మీద స్కేలు పెట్టి చదివి చెప్పొచ్చు. అలా చదవడానికి గీసే గీతే ఓజివ్ వక్రం. పదో తరగతి లెక్కల్లో చాలామంది దీన్ని ఒకసారి గీసి, పరీక్ష అయ్యాక మరిచిపోయి ఉంటారు.

ఒక బడిలో 80 మంది రాశారనుకుందాం. మార్కులన్నీ వరుసగా రాస్తే చూపు ఆనదు కాబట్టి వాటిని పదేసి మార్కుల మెట్లుగా విడగొడతాం. గణాంకాల్లో ఈ మెట్టుకు తరగతి అని పేరు. ఒక్కో తరగతిలో ఎంతమంది ఉన్నారన్నది పౌనఃపున్యం. పై నుంచి కిందికి ఆ సంఖ్యలను కూడుకుంటూ పోతే వచ్చేది సంచిత పౌనఃపున్యం, అంటే ‘ఇంతవరకు మొత్తం ఎంతమంది’ అన్న లెక్క.

| మార్కులు | విద్యార్థులు | ఎగువ హద్దు | ఇంతవరకు మొత్తం |
|---|---|---|---|
| 11–20 | 4 | 20.5 | 4 |
| 21–30 | 8 | 30.5 | 12 |
| 31–40 | 16 | 40.5 | 28 |
| 41–50 | 20 | 50.5 | 48 |
| 51–60 | 15 | 60.5 | 63 |
| 61–70 | 9 | 70.5 | 72 |
| 71–80 | 5 | 80.5 | 77 |
| 81–90 | 3 | 90.5 | 80 |

చివరి వరుసలో 80 వచ్చిందంటే కూడిక సరిపోయినట్టు. రాకపోతే గ్రాఫు జోలికి పోకుండా ముందు కూడిక సరిచూసుకోవాలి.

మూడో నిలువు వరుసలో ఉన్న అర మార్కు సంగతి చూడండి. ఒక తరగతి 40తో ముగుస్తుంది, తర్వాతిది 41తో మొదలవుతుంది. గ్రాఫు మీద గీత తెగకుండా సాగాలంటే మధ్యలో ఖాళీ ఉండకూడదు. అందుకే ఆ ఒక్క మార్కు ఎడాన్ని సగం సగం పంచి, రెండింటి సరిహద్దు 40.5 అంటాం. తరగతులను 10–20, 20–30 అని ముందే అతికించి రాసినప్పుడు ఈ సవరణ అక్కర్లేదు.

ఇప్పుడు గ్రాఫు కాగితం తీసుకుని అడ్డంగా మార్కులు, నిలువుగా విద్యార్థుల సంఖ్య వేసుకోవాలి. రెండింటికీ సెంటీమీటరుకు పది చొప్పున సరిపోతుంది. ముందుగా 10.5 దగ్గర సున్నా మీద ఒక చుక్క పెట్టాలి, ఎందుకంటే అంతకు తక్కువ ఎవరికీ రాలేదు. తర్వాత 20.5 దగ్గర 4, 30.5 దగ్గర 12, 40.5 దగ్గర 28, ఇలా చివరిదాకా చుక్కలు పెట్టి కలపాలి. గీత మెల్లగా మొదలై, మధ్యలో నిటారుగా లేచి, పైన వాలిపోతుంది. నిటారుగా లేచిన చోటే పిల్లలు ఎక్కువగా గుమిగూడారన్నమాట. ఓజివ్ అసలు కట్టడాల మాట, మొన తేలిన కమాను వంపుకు పేరు. 1875లో ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్ దాన్ని గణాంకాల్లోకి తెచ్చాడు.

ఇక చదవడమే. 80లో సగం 40. నిలువు గీత మీద 40 దగ్గర స్కేలు పెట్టి, అడ్డంగా వక్రం తగిలేదాకా పోయి, అక్కణ్నుంచి నిట్టనిలువుగా కిందికి దిగితే 46.5 దగ్గర ఆగుతాం. అదే మధ్యగతం. సుమారు సగం మందికి 46 లేదా అంతకు తక్కువ, మిగతా సగానికి 47 లేదా ఎక్కువ వచ్చాయని దాని అర్థం. ఇదే పని పావు వంతుకు, అంటే 20 దగ్గర చేస్తే 35.5 వస్తుంది. ముప్పావు వంతుకు, అంటే 60 దగ్గర చేస్తే 58.5 వస్తుంది. ఈ రెండూ మొదటి, మూడో చతుర్థాంశాలు. వీటి మధ్య దూరం 23 మార్కులు. ఇద్దరు పిల్లల్లో ఒకరు ఆ 23 మార్కుల లోపలే ఉన్నారు.

గ్రాఫు చెప్పినదాన్ని సూత్రంతో సరిచూడొచ్చు. 40వ విద్యార్థి 41–50 తరగతిలో ఉన్నాడు. ఆ తరగతి మొదలయ్యేసరికే 28 మంది అయిపోయారు కాబట్టి ఇంకా 12 మంది కావాలి. ఆ తరగతిలో ఉన్నది 20 మంది.

`40.5 + (40 − 28)/20 × 10 = 46.5`

పిల్లలు ఎక్కువగా తప్పేది చుక్క పెట్టే చోట. పౌనఃపున్య బహుభుజి గీసిన అలవాటుతో తరగతి మధ్యలో, 50.5కు బదులు 45.5 దగ్గర 48 గుర్తిస్తారు. 48 మంది అయిపోయేది తరగతి పూర్తయ్యాకే గదా! మధ్యలో పెడితే వక్రం మొత్తం ఐదు మార్కులు ఎడమకు జరిగి, మధ్యగతం 41.5 అని చూపిస్తుంది. అది కూడా 41–50 లోపలే ఉంది కాబట్టి పైకి తప్పులా కనిపించదు. పట్టుకోవడానికి ఒక దారి ఉంది. మార్కుల గీత మీద 50.5 నుంచి పైకి వెళ్లి వక్రాన్ని చదవండి. పట్టిక ప్రకారం అక్కడ 48 ఉండాలి. జరిగిపోయిన వక్రం మాత్రం 55 దాటించి చూపిస్తుంది.

ఇంకో పరీక్ష కూడా ఉంది. ‘ఇన్ని లేదా అంతకంటే ఎక్కువ’ అని పై నుంచి తగ్గుతూ వచ్చే రెండో వక్రాన్ని, చుక్కలు దిగువ హద్దుల దగ్గర పెట్టి, అదే కాగితం మీద గీయండి. రెండు వక్రాలూ సరిగ్గా 40 ఎత్తున కలుసుకోవాలి. కలిసిన చోటు ఎత్తు 40 కాకపోతే ఎక్కడో చుక్క తప్పినట్టే.

వక్రం చెప్పలేనిదీ ఒకటుంది. ఒక తరగతిలోని పిల్లలు ఆ పది మార్కుల్లో సమంగా పరుచుకుని ఉన్నారని మనం అనుకున్నాం. మన దగ్గర పాస్ మార్కు 35 కాబట్టి 34.5 దగ్గర వక్రాన్ని చదివితే సుమారు 18 మంది ఫెయిలని తేలుతుంది. కానీ 33, 34 దగ్గర ఆగిన పేపర్లను దిద్దేవాళ్లు మళ్లీ ఒకసారి చూసి 35కు చేర్చి ఉంటే, ఆ 31–40 తరగతిలో పిల్లలు సమంగా లేరు, 35 మీదే గుంపుగా ఉన్నారు. అసలు ఫెయిలైనవాళ్లు 18 కంటే తక్కువే ఉంటారు. మెట్లుగా విడగొట్టినప్పుడే ఆ సంగతి చెరిగిపోయింది. ఎంత నాజూకుగా గీసినా వక్రం దాన్ని తిరిగి తేలేదు. పాసు, ఫెయిలు లెక్క కావాలంటే మార్కుల జాబితానే తీయాలి.

ఇక ఆ తండ్రికి జవాబు. 58.5 మూడో చతుర్థాంశం కాబట్టి, 80 మందిలో దాదాపు 60 మంది మార్కులు 58 దాటలేదు. వాళ్ల అబ్బాయికి పైన ఉన్నది సుమారు 20 మంది.