ఆదివారం నాలుగింటికల్లా తేలాలి

శుక్రవారం సాయంత్రం 6కి మూసిన ఆఫీసు సోమవారం పొద్దున 9కి తెరుచుకుంటుంది. మధ్యలో 63 గంటలు. 40 కంప్యూటర్లను, వాటి డేటాను పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చడానికి బోలెడు సమయమే అనిపిస్తుంది. ఐటీ వాళ్లు కటోవర్ అనే ఈ పనికి ప్లాన్ వేసేటప్పుడు లెక్క సోమవారం నుంచి వెనక్కి మొదలుపెట్టాలి.

కొత్తది మొరాయిస్తే అన్ని కంప్యూటర్లనూ మళ్లీ పాత సర్వర్‌కి తిప్పి సరిచూడటానికి, ముందు చేసిన రిహార్సల్లో 4 గంటలు పట్టిందనుకుందాం. ఆ పని ఆదివారం రాత్రి 8కి ముగియాలి, మనుషులు నిద్రపోవాలి కదా. అంటే ముందుకా, వెనక్కా అన్నది సాయంత్రం 4కి తేల్చాలి. ఎవరు తేల్చాలో కూడా ప్లాన్‌లో రాసుండాలి. లేకపోతే 4 కాస్తా 6 అవుతుంది, 6 అర్ధరాత్రి అవుతుంది.

ఇక కాపీ సంగతి. 600 జీబీ డేటా సెకనుకు 100 ఎంబీ చొప్పున గంటా 40 నిమిషాల్లో వెళ్లిపోవాలి. అందులో లక్షల కొద్దీ చిన్న స్కాన్ ఫైళ్లుంటే రాత్రంతా పట్టొచ్చు, ఒక్కో ఫైలునూ తెరిచి, రాసి, మూయాలి మరి. అందుకే వారం ముందే ఒకసారి కాపీ చేసిపెట్టి, శుక్రవారం రాత్రి మారినవి మాత్రమే పంపుతారు. విండోస్‌లో దానికి ఈ కమాండ్ చాలు:

```
robocopy D:\Data \\NEWSRV\Data /MIR /R:2 /W:5 /LOG:C:\copy.log
```

ఇందులో `/MIR` దగ్గర జాగ్రత్త. మూలంలో లేనివాటిని అది గమ్యంలో చెరిపేస్తుంది. రెండు చిరునామాలూ తారుమారైతే ఖాళీ ఫోల్డర్ వచ్చి నిండు ఫోల్డర్‌ను తుడిచేస్తుంది. అకౌంట్స్ డేటాబేస్‌ను ఇలా ఫైళ్లుగా లాగకూడదు. అందరూ లాగౌట్ అయ్యాక బ్యాకప్ తీసి, కొత్త సర్వర్లో రీస్టోర్ చేయాలి.

శనివారం సరిచూసే పని కంప్యూటర్ మనిషిది కాదు, అకౌంటెంట్‌ది. శుక్రవారం తీసిన ట్రయల్ బ్యాలెన్స్ ప్రింటు, ఖాతాదారుల వారీ బకాయిలు, చివరి వోచర్ నంబరు కొత్తదాంట్లో కూడా అవే రావాలి. మొత్తం కలిసింది కదా అని వదిలేస్తే, ఒకరి బాకీ ఇంకొకరి ఖాతాలో పడిన తప్పు దొరకదు.

డేటా సరిగ్గా వచ్చినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు ఒక వారాంతంలోనే కొత్త వ్యవస్థకు మారింది. డేటా చేరింది, వ్యవస్థే తట్టుకోలేక ఖాతాదారులు తమ ఖాతాలు చూడలేకపోయారు. అందుకే ఆదివారం పొద్దున ఓ పదిమందిని పిలిచి, ఒకేసారి లాగిన్ అయి బిల్లులు కొట్టి, ప్రింటు తీయమనాలి. ప్రింటర్ల తగాదాలు ఎక్కువగా అప్పుడే బయటపడతాయి.

సోమవారం కొత్తదాంట్లో ఎంట్రీలు పడ్డాక వెనక్కి వెళ్లాలంటే వాటన్నిటినీ మళ్లీ కొట్టాల్సిందే. పాత సర్వర్‌ను మాత్రం చూడటానికే తప్ప రాయడానికి వీల్లేకుండా చేసి, నెలాఖరు లెక్కలు ముగిసేదాకా ఆన్‌లోనే ఉంచుతారు.